635 పెద్దదా, 636 పెద్దదా?

నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్లు కొంచెం ముందుకు రండి. బోర్డు మీద కొన్ని అంకెలు రాస్తాను, అవి అందరికీ కనిపించాలి.

మొదట రెండే రాస్తున్నాను. 635. దాని కింద 636.

పైన ఉన్నది ‘గన్‌స్మోక్’ అనే అమెరికా టీవీ సీరియల్ ఎపిసోడ్ల సంఖ్య. 1955 సెప్టెంబరులో మొదలై 1975 మార్చిలో ముగిసింది. కింద ఉన్నది ‘ది సింప్సన్స్’ అనే యానిమేషన్ కార్యక్రమానిది. 2018 ఏప్రిల్ 29న దాని 636వ ఎపిసోడ్ ప్రసారమైంది. నలభై మూడేళ్లుగా గన్‌స్మోక్ పేరున ఉన్న రికార్డు ఆ రాత్రితో చేతులు మారిందని పత్రికలన్నీ రాశాయి. తప్పు రాశాయని నేను అనను. ఎపిసోడ్ల లెక్కలో అది నిజమే. కానీ ఎపిసోడ్ అనే మాటకు రెండు వైపులా ఒకే అర్థం ఉందా అని అడిగినవాళ్లు తక్కువ. నన్ను ఏళ్ల తరబడి పట్టుకుని వదలని ప్రశ్న అదే.

గన్‌స్మోక్ మొదటి ఆరు సీజన్లు అరగంట కార్యక్రమం. ఏడో సీజన్ నుంచి గంట. సీరియల్ పేరు మారలేదు, ముఖ్యపాత్ర మారలేదు, నిడివి మాత్రం రెట్టింపయింది. అరగంటవి 233, గంటవి 402. రెండూ కలిపితే బోర్డు మీద ఉన్న 635. ఇప్పుడు వీటిని గంటల్లోకి మారుద్దాం. 233లో సగం నూట పదహారున్నర. దానికి 402 కలపండి. ఐదువందల పద్దెనిమిదిన్నర గంటల టీవీ సమయం అయింది.

సింప్సన్స్ అరగంట కార్యక్రమం. 636ను సగం చేస్తే 318 గంటలు.

ఈ రెండు అంకెలూ పక్కపక్కన చూడండి. 518న్నర, 318. రికార్డు బద్దలైందని చెప్పిన రోజున, తెర మీద గడిపిన సమయంలో గన్‌స్మోక్ ఇంకా రెండువందల గంటలు ముందుంది. గంటల్లో దాన్ని దాటాలంటే సింప్సన్స్‌కు మొత్తం 1,038 ఎపిసోడ్లు కావాలి. నేను ఇక్కడ చెప్పేది ప్రసారానికి కేటాయించిన సమయం. ప్రకటనలు తీసేస్తే రెండింటికీ తగ్గుతుంది. తగ్గే భాగం కాలాన్ని బట్టి మారుతుంది కాబట్టి అసలు నిమిషాల లెక్క ఇంకా చిక్కుది, ఈ రోజు దాని జోలికి వెళ్లను.

అదే పోటీని సీజన్లలో చూస్తే ఏమవుతుంది? గన్‌స్మోక్ ఇరవై సీజన్లు నడిచింది. సింప్సన్స్ 2009లోనే ఇరవై ఒకటో సీజన్ మొదలుపెట్టింది. అంటే సీజన్ల రికార్డు 2009లో పోయింది, ఎపిసోడ్లది 2018లో పోయింది. రెండింటి మధ్య తొమ్మిదేళ్ల తేడా ఎందుకు వచ్చింది? ఎందుకంటే సీజన్ అనేది కూడా స్థిరమైన కొలత కాదు. గన్‌స్మోక్ మొదటి ఐదు సీజన్లకూ ఒక్కోదానికి ముప్పై తొమ్మిదేసి ఎపిసోడ్లు, ఆరోదానికి ముప్పై ఎనిమిది. ఏడాదిలో ఉన్న యాభై రెండు వారాల్లో ముప్పై తొమ్మిది వారాలు కొత్త కథ! వేసవిలో మాత్రమే పాతవి మళ్లీ వేసేవాళ్లు. తర్వాతి కాలంలో అమెరికా టీవీలో సీజన్ అంటే ఇరవై రెండు, ఇరవై నాలుగు ఎపిసోడ్లకు పడిపోయింది. ఈ కాలపు స్ట్రీమింగ్ సిరీస్‌లలో ఎనిమిదికో పదికో కూడా సీజన్ అనే అంటున్నారు.

ఇదే వ్యవహారం 2019లో ఇంకోసారి జరిగింది. ‘లా అండ్ ఆర్డర్: స్పెషల్ విక్టిమ్స్ యూనిట్’ ఇరవై ఒకటో సీజన్‌లోకి వచ్చింది. మనుషులు నటించే ప్రైమ్‌టైమ్ సీరియళ్లలో అదే అత్యధిక కాలం నడిచిందని ప్రకటించారు. నిజమే, సీజన్లలో గన్‌స్మోక్‌ను దాటింది. కానీ అప్పటికి దాని ఎపిసోడ్లు ఐదువందలు కూడా పూర్తి కాలేదు. ఐదువందవది 2021 అక్టోబరులో వచ్చింది. ఆ వార్తలో ‘మనుషులు నటించే’ అన్న మాట ఎందుకు పెట్టారో గమనించండి. అది తీసేస్తే సింప్సన్స్ అడ్డం వస్తుంది. ‘ప్రైమ్‌టైమ్’ తీసేస్తే పగటిపూట వచ్చే సీరియళ్లు వేల ఎపిసోడ్లతో మీద పడతాయి. రికార్డు వార్తలో మనం పట్టించుకోకుండా దాటేసే విశేషణాలే ఆ రికార్డుకు గోడలు. నేను ముందు వాటినే చదువుతాను, అంకె తర్వాత చూస్తాను.

సరే, ఎపిసోడ్ల లెక్కకే కట్టుబడదాం అనుకోండి. అప్పుడైనా 636 అన్న అంకె గట్టిదేనా? కొంచెం దగ్గరికి వెళ్లి చూద్దాం.

సింప్సన్స్ కుటుంబం తెర మీదికి మొదట వచ్చింది 1987 ఏప్రిల్‌లో, ‘ది ట్రేసీ ఉల్‌మన్ షో’ అనే మరో కార్యక్రమం మధ్యలో, చిన్న చిన్న తునకలుగా. అలాంటివి 48 వచ్చాయి. అవి లెక్కలో లేవు, ఎందుకంటే అవి వేరే కార్యక్రమంలో భాగం. సొంత కార్యక్రమంగా మొదటిది 1989 డిసెంబరు 17న, క్రిస్మస్ ప్రత్యేక కార్యక్రమంగా వచ్చింది. స్పెషల్‌గా ప్రసారమైన ఆ అరగంట లెక్కలో ఉంది, అదే మొదటి ఎపిసోడ్! వారం వారం రావడం మొదలైంది మాత్రం 1990 జనవరిలోనే. 2007లో థియేటర్లలో విడుదలైన సినిమా లెక్కలో లేదు. అటు గన్‌స్మోక్‌కు 1987 నుంచి 1994 వరకు ఐదు టీవీ సినిమాలు వచ్చాయి. అవీ లెక్కలో లేవు. ఇంతవరకు న్యాయంగానే ఉంది.

ఇప్పుడు అసలు మెలిక. 2017 జనవరి 15న సింప్సన్స్ మొదటిసారి గంట నిడివి కార్యక్రమం వేసింది. ఒకే పేరు, ఒకే కథ, ఒకే రాత్రి. దాన్ని రెండు ఎపిసోడ్లుగా లెక్కపెట్టారు. గంట అంటే రెండు అరగంటలు, తర్వాత విడివిడిగా పునఃప్రసారం చేయడానికీ వీలు, కాబట్టి రెండు అనడంలో తప్పేమీ లేదు. కానీ అదే సూత్రం గన్‌స్మోక్‌కు పెట్టలేదే? గంట ఎపిసోడ్ ఇక్కడ రెండు అయితే అక్కడ 402 గంట ఎపిసోడ్లు 804 కావాలి. అప్పుడు గన్‌స్మోక్ మొత్తం 1,037. పోనీ గన్‌స్మోక్‌కు పెట్టిన సూత్రమే సింప్సన్స్‌కు పెడదాం, గంట కార్యక్రమం ఒక్కటే అందాం. అప్పుడు ఏప్రిల్ 29న వచ్చింది 635వది అవుతుంది. అది సమానం మాత్రమే. రికార్డు దాటడం మరుసటి వారం, మే 6న జరుగుతుంది. ఒక్క స్పెషల్‌ను ఎలా లెక్కపెట్టామన్న దాని మీద చరిత్రలో ఒక తేదీ వారం రోజులు అటూ ఇటూ జరిగింది.

దీన్ని మోసం అంటే నేను ఒప్పుకోను. ప్రతి సంస్థా తన కార్యక్రమాన్ని తన నంబర్ల ప్రకారమే లెక్కపెట్టుకుంటుంది, ఆ నంబర్లు కాంట్రాక్టుల కోసం, పునఃప్రసారాల అమ్మకం కోసం పుట్టినవి. రికార్డు రాసేవాళ్లు రెండు సంస్థల లెక్కలు తెచ్చి పక్కపక్కన పెడతారు. రెండు లెక్కలూ దేనికది సరైనవే. పక్కపక్కన పెట్టినప్పుడే తేడా వస్తుంది.

ఇక విరామాల సంగతి. దీనికి నాటకరంగం దగ్గరికి వెళ్లాలి, ఎందుకంటే అక్కడి కొలత శుభ్రంగా ఉంటుంది. ప్రదర్శన అంటే ప్రదర్శన. తెర లేచి, పడితే ఒకటి. అరగంట, గంట గొడవ లేదు. న్యూయార్క్‌లోని పెద్ద థియేటర్ల ప్రాంతమైన బ్రాడ్‌వేలో, ప్రారంభానికి ముందు టికెట్లు అమ్మి వేసే ప్రివ్యూలను కలపరు, అధికారికంగా మొదలైన రాత్రి నుంచే లెక్క. ‘క్యాట్స్’ అనే సంగీత నాటకం 7,485 ప్రదర్శనలతో ముగిసింది. 2006 జనవరి 9న ‘ది ఫాంటమ్ ఆఫ్ ది ఒపెరా’ తన 7,486వ ప్రదర్శన వేసింది. ఆ రికార్డు మీద నాకు ఏ అనుమానమూ లేదు.

ఫాంటమ్ 1988 జనవరి 26న మొదలై 2023 ఏప్రిల్ 16న ముగిసింది. మొత్తం ప్రదర్శనలు 13,981. ఈ అంకెను మనమే ఒకసారి తనిఖీ చేద్దాం. ఇలాంటి అంకె దేన్ని చూసినా నేను చేసే పని ఇదే, పెన్నూ కాగితం చాలు. ఆ రెండు తేదీల మధ్య దాదాపు 1,838 వారాలు. బ్రాడ్‌వేలో వారానికి ఎనిమిది ప్రదర్శనలు మామూలు. గుణిస్తే 14,700 దగ్గరికి వస్తుంది. ప్రకటించిన అంకె అంతకంటే ఏడువందలకు పైగా తక్కువ. అవి ఎక్కడికి పోయాయి?

2020 మార్చి 12న కోవిడ్ వల్ల బ్రాడ్‌వే అంతా మూతపడింది. ఫాంటమ్ మళ్లీ తెరుచుకున్నది 2021 అక్టోబరు 22న. ఎనభై నాలుగు వారాలు. ఎనిమిదితో గుణిస్తే 672. తీసేస్తే 14,028 మిగిలింది. ఇంకా నలభై ఏడు తేడా. 2007 నవంబరులో రంగస్థల కార్మికుల సమ్మె పంతొమ్మిది రోజులు నడిచింది, అక్కడ ఇరవై పైచిలుకు పోయాయి. 2003 మార్చిలో సంగీతకారుల సమ్మె, 2001 సెప్టెంబరు దాడుల తర్వాతి రోజులు, 2003లో నగరమంతా కరెంటు పోయిన రాత్రి, మంచు తుపాన్లు, వాటిలో మిగతావి. లెక్క సరిపోయింది. ఆగిన ప్రతి రాత్రినీ తీసేసి, నిజంగా తెర లేచిన రాత్రులనే లెక్కపెట్టారని ఈ అంకెను చూస్తే తెలుస్తుంది. ఎవరైనా ఫాంటమ్ 14,700 సార్లు ఆడిందని రాస్తే, వాళ్లు లెక్కపెట్టలేదు, గుణించారు. దీర్ఘకాలం నడిచిన ఏ నాటకానికైనా ఈ పరీక్ష పెట్టి చూడండి. వారాలతో గుణించిన అంకె కంటే అసలు అంకె కొంచెం తక్కువ ఉండాలి. రెండూ అచ్చంగా ఒకటే అయితే నాకు అనుమానం మొదలవుతుంది.

అంటే ప్రదర్శనల లెక్కకు విరామంతో ఇబ్బంది లేదు. ఆగినన్నాళ్లు అంకె పెరగదు, అంతే. ఇబ్బంది అంతా ఏళ్లతోనే. ‘ముప్పై ఐదేళ్లు నడిచింది’ అనేసరికి ఆ ఎనభై నాలుగు వారాలు చడీచప్పుడు లేకుండా లోపలికి వచ్చేస్తాయి. ‘నిరంతరాయంగా’ అన్న మాట చేరితే ఇంకా కష్టం. లండన్‌లో ‘ది మౌస్‌ట్రాప్’ నాటకం 1952 నవంబరు 25 నుంచి నడుస్తోంది. 1974 మార్చిలో అంబాసిడర్స్ థియేటర్ నుంచి పక్కనే ఉన్న సెయింట్ మార్టిన్స్‌కు మారింది. శనివారం పాతచోట ఆడి, సోమవారం కొత్తచోట ఆడారు. నిరంతర ప్రదర్శన అన్న మాట పోకూడదనే అంత జాగ్రత్త. ఆ ఏర్పాటు గురించి మొదట చదివినప్పుడు నాకు ఒళ్లు గగుర్పొడిచింది. ఒక్క మాటను కాపాడటానికి సామానంతా ఎత్తుకుని ఒక్క ఆదివారంలో పక్క భవనంలో దించారు! ఆ మాట 2020 మార్చి 16న తెగింది. నాటకం మళ్లీ 2021 మే 17న మొదలైంది. అత్యధిక కాలం నడుస్తున్న నాటకం అన్న బిరుదు చెక్కుచెదరలేదు. 2025 మార్చిలో 30,000వ ప్రదర్శన కూడా దాటింది. కానీ ‘ఒక్క విరామమూ లేకుండా’ అని ఇంకా రాసేవాళ్లు పాత వాక్యాన్ని ఎత్తి రాస్తున్నారు.

మరి పద్నాలుగు నెలలు ఆగినా మౌస్‌ట్రాప్ అదే ప్రదర్శన అన్నప్పుడు, నాలుగేళ్లు ఆగిన ‘ది ఫాంటాస్టిక్స్’ను ఎందుకు కలపరు? అది న్యూయార్క్‌లో చిన్న థియేటర్లో 1960 నుంచి 2002 జనవరి వరకు 17,162 సార్లు ఆడింది. సంఖ్యలో ఫాంటమ్ కంటే ఎక్కువే. కానీ అది ఆఫ్-బ్రాడ్‌వే. ఐదువందల సీట్లున్న థియేటరుకే బ్రాడ్‌వే లెక్క, అక్కడ నూట యాభై మూడే ఉండేవి. 2006లో అదే నాటకం మళ్లీ వచ్చి 2017 వరకు ఆడింది. ఆ రెండో విడతను మొదటిదానికి కలపలేదు. ఇక్కడ చూసేది ఎన్నాళ్లు ఆగిందని కాదు, ఎలా ఆగిందని. 2002లో అది ముగిసిందని ప్రకటించి ముగించారు. ప్రేక్షకులు వీడ్కోలు చెప్పారు, ఒప్పందాలు తీరిపోయాయి. తర్వాత వచ్చింది కొత్త నిర్మాణం. ఫాంటమ్, మౌస్‌ట్రాప్ మాత్రం 2020లో ముగిశామని చెప్పలేదు, ఆగామన్నారు. ముగింపు ప్రకటన ఉందా లేదా అన్నదే గీత. నా మటుకు నాకు ఇది మంచి గీతే అనిపిస్తుంది, ఎందుకంటే తర్వాత మన సౌకర్యం కోసం దాన్ని జరపలేం, ఆ రోజున చెప్పినది చెప్పినట్టే ఉంటుంది.

ఒక్కచోట మాత్రం ఈ గీత మసకబారుతుంది. లండన్‌లో ‘లే మిజరబుల్’ 1985 నుంచి నడుస్తోందని చెబుతారు. 2019 జులైలో థియేటరు బాగుచేయడానికి ఆపారు. ఆ మధ్యకాలంలో పక్క థియేటర్లో అదే నాటకాన్ని కచేరీ రూపంలో వేశారు. 2019 డిసెంబరులో పాత థియేటర్లోకి తిరిగి వచ్చినప్పుడు, మొదటి నుంచీ ఉన్న తిరిగే వేదిక లేదు, రంగాలంకరణ వేరు. పాటలు అవే, కథ అదే. కానీ 1985లో మొదలైన నిర్మాణమేనా ఇది? ఆ పాత నిర్మాణం 2019లో ముగిసిందని నేను రాసుకుంటాను. నాటకం పేరు మీద 1985 అని వేసుకోవడానికి వాళ్లకు హక్కుంది, కానీ నా పట్టికలో అది రెండు వరుసలు.

చివరగా స్పెషల్స్‌ను తలకిందులు చేసే ఒక ఉదాహరణ చెప్పి ప్రశ్నలకు వస్తాను. బీబీసీ ‘డాక్టర్ హూ’ 1963 నవంబరు 23న మొదలై 1989 డిసెంబరు వరకు ఇరవై ఆరు సీజన్లు నడిచింది. 1996లో ఒక టీవీ సినిమా. 2005లో మళ్లీ మొదలైంది, మళ్లీ ‘ఒకటో సిరీస్’ అనే పేరుతో. ఒక కథ అనేక ఎపిసోడ్లుగా సాగడం పాతకాలంలో దాని పద్ధతి, అందుకే అభిమానులు ఎపిసోడ్లు కాకుండా కథలు లెక్కపెడతారు. 2009 ఏప్రిల్‌లో వచ్చిన ఈస్టర్ స్పెషల్‌ను 200వ కథ అన్నారు. ఆ కథలో బస్సుకు 200 నంబరు కూడా వేశారు. కానీ ఆ 200 రావాలంటే 1986లో పద్నాలుగు ఎపిసోడ్లుగా వచ్చిన ‘ది ట్రయల్ ఆఫ్ ఎ టైమ్ లార్డ్’ను ఒకే కథ అనుకోవాలి. తెర మీద ఒకే పేరు ఉంది నిజమే, కానీ తయారైంది నాలుగు కథలుగా. నాలుగు అంటే ఆ బస్సు నంబరు 203 అవ్వాలి. ఇంకొకటి, 1979లో సమ్మె వల్ల చిత్రీకరణ సగంలో ఆగిపోయిన ‘షాడా’ ఉంది. అది అప్పట్లో ప్రసారం కాలేదు, కాబట్టి కలపరు. అదే సమయంలో, 1960లలో ప్రసారమై, తర్వాత టేపులు చెరిపేయడం వల్ల ఇవాళ ఎవరూ చూడలేని ఎపిసోడ్లు చాలా ఉన్నాయి. అవి లెక్కలో ఉన్నాయి! చిత్రీకరించినది ఉన్నా ప్రసారం కాకపోతే లేదు, చూడటానికి లేకపోయినా ప్రసారమైతే ఉంది. ప్రసారం అన్న ఒక్క ఘటననే ఆధారంగా తీసుకున్నారు. నాకు ఈ నియమం నచ్చుతుంది, ఇళ్లలో జనం ఆ రోజు దాన్ని చూశారు కదా.

ప్రశ్నలు అడగండి. ఆ, చెప్పండమ్మా.

రేడియోలో మొదలై టీవీకి వచ్చినవాటిని ఎలా లెక్కపెడతారని అడుగుతున్నారు. మంచి ప్రశ్న. దీనికి ‘గైడింగ్ లైట్’ అనే అమెరికా సీరియల్ చెప్పాలి. రేడియోలో 1937 జనవరి 25న మొదలైంది. టీవీలో 1952 జూన్ 30న. నాలుగేళ్లు రెండింటిలోనూ వచ్చింది, ఒకే కథ అక్కడా ఇక్కడా. 2009 సెప్టెంబరు 18న ముగిసింది. రెండూ కలిపితే డెబ్బై రెండేళ్లు దాటుతుంది, టీవీ ఒక్కటే అయితే యాభై ఏడు. దాని పక్కన బ్రిటన్ సీరియల్ ‘కొరొనేషన్ స్ట్రీట్’ పెట్టండి. 1960 డిసెంబరు 9 నుంచి నడుస్తోంది. 2010 సెప్టెంబరు 17న అమెరికా సీరియల్ ‘యాజ్ ది వరల్డ్ టర్న్స్’ ముగియగానే, ప్రస్తుతం నడుస్తున్న టీవీ సీరియళ్లలో అన్నిటికంటే పాతది ఇదే అయింది. గిన్నిస్ ఆ గుర్తింపు ఇచ్చింది. ‘ప్రస్తుతం నడుస్తున్న’ అన్న మాట ఎందుకుందో మీకు ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. అప్పటికి దాని వయసు యాభై నిండలేదు, ముగిసిపోయిన గైడింగ్ లైట్ టీవీ కాలం ఇంకా పైనే ఉంది. టీవీ ఏళ్లలో దాన్ని కొరొనేషన్ స్ట్రీట్ దాటింది 2018 ఫిబ్రవరి చివర్లో. మీరు అడిగినట్టు రేడియోను కూడా కలిపితే దాటడానికి 2033 ఆగస్టు దాకా ఆగాలి. నా పుస్తకంలో ఆ తేదీ పక్కన పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టి ఉంచాను.